రోడ్డు ఎవరు తవ్వారు? ఒక గుమాస్తా నోటు కథ

రోడ్లు భవనాల శాఖ నుంచి వచ్చిన ఉత్తరం మూడే పేరాలు. మొదటి పేరాలో ఆరోపణ ఉంది: గ్రామీణ నీటి సరఫరా విభాగం కిలోమీటరు 14/600 నుంచి 14/860 దాకా, అంటే 260 మీటర్ల పొడవున, అనుమతి లేకుండా తారు రోడ్డు అంచు తవ్వి తాగునీటి పైపు వేసింది. రెండో పేరాలో నష్టం ఉంది: మొన్నటి వానలకు ఆ అంచంతా కుంగింది, రెండు మోటారు సైకిళ్లు జారిపడ్డాయి. మూడో పేరాలో బెదిరింపు ఉంది: మీటరుకు 3,000 రూపాయల చొప్పున 7,80,000 రూపాయలు వారంలోగా జమ చేయకపోతే విషయం కలెక్టరు గారి దృష్టికి తీసుకెళ్తాం.

ఈ ఉత్తరం రాయలసీమలో ఒక నీటి సరఫరా డివిజన్ ఆఫీసుకు వచ్చిందనుకుందాం. ఇక్కడ చెప్పే ఆఫీసు, మనుషులు, అంకెలు కల్పితం. రోడ్డు తవ్వకం రేట్లు నిజానికి ఆ ఏడాది స్టాండర్డ్ షెడ్యూల్‌ని బట్టి ఉంటాయి. లెక్క తేలిగ్గా తెలియడానికి గుండ్రంగా వేసుకున్నాం. ఫైలు నడిచే తీరు, తగవు పుట్టే తీరు, దాన్ని ఒక నోటు ఆపే తీరు మాత్రం ఏ జిల్లా ఆఫీసులోనైనా కనిపించేవే.

ఆ ఉత్తరం చూడగానే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి ఒళ్లు మండింది. పైపు వేసే ముందే ఆర్ అండ్ బీకి 4,80,000 రూపాయలు కట్టిన సంగతి ఆయనకు బాగా గుర్తు. అనుమతి పత్రం కూడా చేతికి వచ్చాకే పని మొదలైంది. పైగా ఆ రోడ్డు వెడల్పు చేసినప్పుడు రోలరు తొక్కి తమ పాత పైపు రెండు చోట్ల పగిలితే ఆ శాఖ పైసా ఇవ్వలేదు. టెక్నికల్ సెక్షన్ అప్పటికప్పుడు ఒక జవాబు తయారుచేసింది. 'అనుమతి ఉంది, డబ్బు కట్టాం, ఇక ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదు. రోడ్డు కుంగడానికి మీ పనిలో నాణ్యతా లోపమే కారణం. పగిలిన మా పైపులకు పరిహారం ముందు ఇవ్వండి.' ఆ వారంలోనే జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశం ఉంది. ఈ రెండు ఉత్తరాలూ బయటపడితే సభ్యుల ముందు ఇద్దరు ఇంజనీర్లు ఒకరి మీద ఒకరు చెప్పుకోవాల్సి వచ్చేది. అంతలో రోడ్డు అలాగే ఉండేది.

జవాబు సంతకానికి వెళ్లే ముందు, రివాజు ప్రకారం, ఫైలు సీటుకు వచ్చింది. ఆ సీటులో ఉన్నది గ్రూప్-4లో సెలెక్టై వచ్చి రెండేళ్లు కూడా నిండని జూనియర్ అసిస్టెంటు.

సీటు అంటే ఏమిటి

ప్రభుత్వ ఆఫీసులో నిర్ణయం తీసుకునేది అధికారి. కానీ ఆ నిర్ణయానికి కావలసిన సరుకంతా పోగుచేసి ఆయన ముందు పెట్టేది సీటు. తపాలులో వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు పడుతుంది, అది సంబంధిత సీటుకు చేరుతుంది, అక్కడి గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకుని ఫైలులో కలిపి పుటప్ చేస్తాడు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచి వస్తున్న టాటెన్‌హామ్ పద్ధతి ప్రకారం ఫైలుకు రెండు భాగాలుంటాయి. వచ్చిన ఉత్తరాలు, వెళ్లిన ఉత్తరాల నకళ్లు కరెంట్ ఫైలులో ఉంటాయి. వాటి మీద ఆఫీసు లోపల నడిచిన ఆలోచన, అధికారుల ఆదేశాలు నోట్ ఫైలులో ఉంటాయి. రెండింటికీ విడివిడిగా పేజీ నంబర్లు పడతాయి. బయటివాళ్లకు వెళ్లేది కరెంట్ ఫైలులోని ఉత్తరమే. అది ఎందుకు అలా వెళ్లిందో చెప్పేది నోట్ ఫైలు.

కాబట్టి నోటు రాయడమంటే జవాబు రాయడం కాదు. జవాబు ఏమివ్వాలో తేల్చుకోవడానికి అధికారికి కావలసినది రాయడం. ఆ అమ్మాయి ముందు సిద్ధంగా ఉన్న జవాబులో లోపం అదే. అది నోటు మెట్టు దాటేసి నేరుగా ఉత్తరం అయిపోయింది. ఈఈ గారికి గుర్తున్నదే అందులో ఉంది, ఫైలులో ఉన్నది లేదు.

మొదటి పేజీ నుంచి

ఆమె మొదట చేసిన పని ఆర్ అండ్ బీ ఉత్తరాన్ని ముక్కలు చేయడం. మూడు పేరాల్లోనూ కలిపి నాలుగు మాటలున్నాయని తేలింది. తవ్విన పొడవు 260 మీటర్లు. తవ్వింది తారు అంచు. అనుమతి లేదు. ఖర్చు 7,80,000. ఈ నాలుగూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి చదివేవాడు ఒప్పుకుంటే అన్నీ ఒప్పుకోవాలి, కాదంటే అన్నీ కాదనాలి అనిపిస్తుంది. కోపంతో రాసిన జవాబు చేసింది కూడా అదే, నాలుగింటినీ కలిపి కాదనేసింది. విడదీసి చూస్తే ఒక్కోదానికి ఒక్కో కాగితం సాక్ష్యం చెప్పాలి.

అనుమతి సంగతి కరెంట్ ఫైలు 41వ పేజీలో దొరికింది. ఆర్ అండ్ బీ ఇచ్చిన పత్రమే అది. 13/600 దగ్గరి కల్వర్టు నుంచి 14/800 దాకా, మొత్తం 1,200 మీటర్లు, రోడ్డు పక్క మట్టి బెర్మ్‌లో పైపు వేసుకోవచ్చని అందులో ఉంది. మీటరుకు 400 రూపాయల చొప్పున 4,80,000 జమ చేసిన రసీదు 44వ పేజీలో ఉంది. ఈఈ గారి జ్ఞాపకం తప్పు కాదు. కానీ ఆ అనుమతి మట్టి బెర్మ్‌కే గాని తారుకు కాదు. ఈ ఒక్క మాట ఆయన జ్ఞాపకంలో లేదు.

తరువాతిది కొలత. ఇక్కడే చాలా శాఖా తగాదాలు పుడతాయి. ఆర్ అండ్ బీ వాళ్లు దూరాన్ని రోడ్డు మీది రాళ్లతో లెక్కపెడతారు. 14/600 అంటే పద్నాలుగో కిలోమీటరు రాయి దాటి 600 మీటర్లు. నీటి సరఫరా వాళ్లు పైపు మొదలైన చోటును సున్నాగా పెట్టుకుని లెక్కిస్తారు. ఒకే స్థలానికి రెండు పేర్లు. ఉత్తరంలో 14/600 అని ఉంటే ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఆ అంకె ఎక్కడా కనబడదు. అది చూసి 'మన రికార్డులో అలాంటి చోటే లేదు' అని రాసేసిన నోట్లు లేకపోలేదు.

ఆమె ఒక కాగితం మీద అడ్డంగా గీత గీసి పైన రాళ్ల నంబర్లు, కింద పైపు కొలతలు వేసుకుంది. పైపు సున్నా దగ్గర రోడ్డు 13/600. పైపు 1,000 దగ్గర రోడ్డు 14/600. పైపు 1,200 దగ్గర, అంటే పైపు ముగిసే చోట, రోడ్డు 14/800. ఆర్ అండ్ బీ ఫిర్యాదు 14/600 నుంచి 14/860 దాకా. అంటే అందులో మొదటి 200 మీటర్లు పైపు చివరి భాగం మీద పడ్డాయి. మిగిలిన 60 మీటర్లు పైపు అయిపోయిన తరువాతి రోడ్డు.

ఇక తారు సంగతి. ఎం-బుక్‌లో పైపు 1,000 నుంచి 1,200 దాకా 'బీటీ కటింగ్' అని ఒక ఐటెం ఉంది. కాంట్రాక్టరుకు దాని బిల్లు కూడా చెల్లించారు. ఎందుకని వెతికితే కరెంట్ ఫైలు 58వ పేజీలో అసిస్టెంట్ ఇంజనీరు రాసిన కాగితం దొరికింది. చివరి 200 మీటర్లలో బెర్మ్ కింద బండ తగిలింది, పేల్చడానికి ఇళ్లు దగ్గరగా ఉన్నాయి, తారు అంచు నుంచి తీసుకెళ్లక తప్పదు అని. దాని మీద డిప్యూటీ ఇంజనీరు 'ఆర్ అండ్ బీకి రాయండి' అని రాశారు. ఆ తరువాత పేజీల్లో అలాంటి ఉత్తరం నకలు లేదు. కింది స్థాయిలో రెండు శాఖల అసిస్టెంట్ ఇంజనీర్లు చోటు మీద మాట్లాడుకున్నారని, అవతలి ఆయన సరేనన్నారని, తరువాత బదిలీ అయ్యారని ఆఫీసులో ఎవరో చెప్పారు. నోటి మాటకు పేజీ నంబరు ఉండదు.

ఇప్పుడు చిత్రం తేలింది. ఆర్ అండ్ బీ చెప్పినదాంట్లో తారు తవ్వారన్నది 200 మీటర్ల మేర నిజం. దానికి అనుమతి లేదన్నదీ, ఫైలు ప్రకారం, నిజమే. 260 అన్న పొడవు మాత్రం రికార్డుతో కలవదు. డబ్బు లెక్కలో అప్పటికే కట్టిన మొత్తం ప్రస్తావన లేదు. నీటి సరఫరా చెప్పబోయిన జవాబులో డబ్బు కట్టామన్నది నిజం, కానీ అది వేరే పనికి. రెండు శాఖలూ సగం సగం నిజం పట్టుకుని పూర్తి నిజం తమదే అనుకుంటున్నాయి.

నోటు

ఇంజనీరింగ్ ఆఫీసుల్లో నోట్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. పాఠకుల కోసం ఆ నోటు తెలుగులో ఇలా ఉంటుంది:

1. ఆర్ అండ్ బీ ఈఈ గారి ఉత్తరం (కరెంట్ ఫైలు పేజీ 63, ఫ్లాగ్ 'ఎ') దయచేసి చూడవచ్చు. 14/600 నుంచి 14/860 వరకు 260 మీటర్లు తారు అంచు అనుమతి లేకుండా తవ్వినట్టు, 7,80,000 రూపాయలు జమ చేయవలసినదిగా కోరారు.

2. 13/600 నుంచి 14/800 వరకు 1,200 మీటర్లు మట్టి బెర్మ్‌లో పైపు వేయడానికి ఆ శాఖ అనుమతి ఇచ్చింది (పేజీ 41, ఫ్లాగ్ 'బి'). 4,80,000 రూపాయలు జమ అయింది (పేజీ 44, ఫ్లాగ్ 'సి').

3. ఎం-బుక్ ప్రకారం పైపు 1,000 నుంచి 1,200 వరకు, అనగా రోడ్డు 14/600 నుంచి 14/800 వరకు, తారు అంచు కోసినట్టు నమోదైంది (ఫ్లాగ్ 'డి'). కారణం పేజీ 58లో ఉంది. ఈ మార్పుపై ఆర్ అండ్ బీకి ఉత్తరం వెళ్లినట్టు ఫైలులో కనిపించలేదు.

4. పైపు 14/800 వద్ద ముగిసినట్టు ఎం-బుక్ చెబుతోంది. 14/800 నుంచి 14/860 వరకు గల 60 మీటర్ల తవ్వకం గురించి మన ఫైలులో వివరం లేదు.

5. కాబట్టి ఉభయ శాఖల మధ్య తేడా రెండు విషయాల్లో ఉంది: తారు అంచు కోసిన పొడవు, ఆ పొడవుకు ఇదివరకే జమైన మొత్తం సర్దుబాటు.

6. ఉత్తర్వుల కోసం: (అ) ఉభయ శాఖల డిప్యూటీ ఇంజనీర్లతో జాయింట్ ఇన్‌స్పెక్షన్ జరిపి కొలతలు సంతకాలతో నమోదు చేయించవచ్చు. (ఆ) ప్రమాదం దృష్ట్యా 14/600 నుంచి 14/800 వరకు గుంతలు తాత్కాలికంగా పూడ్చేందుకు కాంట్రాక్టరును ఆదేశించవచ్చు. (ఇ) పై మేరకు ఆర్ అండ్ బీకి జవాబు ముసాయిదా జత చేయడమైనది.

ఎడమ పక్క ఆమె పొడి సంతకం, తేదీ.

పట్టుమని ఒక పేజీ లేదు. అందులో పెట్టినవాటితో పాటు పెట్టనివాటినీ చూడాలి. రోలరు తొక్కిన పైపుల గొడవ లేదు. అది నిజమే కావచ్చు, కానీ ఈ ఉత్తరానికి సంబంధించినది కాదు, కావాలంటే వేరే ఫైలులో నడుస్తుంది. 'ఉత్తరం పంపలేదు' అని లేదు, 'వెళ్లినట్టు ఫైలులో కనిపించలేదు' అని ఉంది. ఉత్తరం సబ్ డివిజన్ నుంచి నేరుగా వెళ్లి ఉండవచ్చు, నకలు ఇక్కడికి రాకపోయి ఉండవచ్చు. తన కంటికి కనిపించిన మేరకే ఆమె రాసింది. అలాగే 60 మీటర్లు ఇంకెవరో తవ్వారని రాయలేదు. ఆమెకు తెలిసింది తమ పైపు అక్కడ లేదన్నంత వరకే.

అన్నిటికన్నా పని చేసింది ఐదో పేరా. పెద్ద తగవుగా కనిపిస్తున్నది నిజానికి ఏ మేరకు తగవో అది చెబుతుంది. అనుమతి ఉందా లేదా, డబ్బు కట్టారా లేదా అన్న ప్రశ్నలకు జవాబులు పై పేరాల్లోనే వచ్చేశాయి. మిగిలింది ఒక టేపుతో తేలే పొడవు, ఒక కాగితం మీద తేలే లెక్క. టేపుతో తేలేదాని కోసం కలెక్టరు దాకా ఎవరూ వెళ్లరు.

సూపరింటెండెంటు పెన్ను

నోటు చూసి సూపరింటెండెంటు గారు ఆమెను పిలిచారు.

"ఏమ్మా, మూడో పేరా చదివావా? మనమే తవ్వామని మనమే రాసుకున్నట్టుంది."

"ఎం-బుక్‌లో ఉంది సార్. బిల్లు కూడా ఇచ్చేశాం."

"ఉంటే ఉండనీ. వాళ్లు అడిగినప్పుడు చూద్దాం. ఇప్పుడే ఎందుకు?"

"నోటులో పెట్టకపోతే ఈఈ గారు ఈ జవాబు మీద సంతకం పెడతారు సార్. తరువాత జాయింట్ ఇన్‌స్పెక్షన్ అంటే చోటు మీదే బయటపడుతుంది. అప్పుడు సార్ సంతకంతో 'కట్టనవసరం లేదు' అన్న ఉత్తరం వాళ్ల చేతిలో ఉంటుంది."

ఆయన కాసేపు ఊరుకున్నారు. మూడో పేరాను ముట్టుకోలేదు. కానీ ఆరో పేరాలో ఆమె మొదట రాసిన ఒక వాక్యాన్ని కొట్టేశారు. '200 మీటర్లకు 5,20,000 రూపాయలు మనం చెల్లించవచ్చు' అని అందులో ఉండేది. లెక్క సరైనదే. 200 మీటర్ల తారుకు 6,00,000. ఆ 200 మీటర్ల బెర్మ్‌కు అప్పటికే కట్టిన 80,000 తీసేస్తే 5,20,000. అయినా ఆయన తీసేయమన్నారు.

"కొలతలు కాకముందే మొత్తం ఒప్పుకోకూడదమ్మా. రేపు కొలిస్తే 190 రావచ్చు, 210 రావచ్చు. పైగా డబ్బు మాట అకౌంట్స్ ఆఫీసరు గారు చెప్పాలి, మనం కాదు."

ఇది అనుభవం చేసిన దిద్దుబాటు. నిజాన్ని దాచమనడానికీ, తేలని అంకెను ముందే ఒప్పుకోవద్దనడానికీ తేడా ఉంది. ఆ తేడా ఆయనకు తెలుసు. ఫైలు డివిజనల్ అకౌంట్స్ ఆఫీసరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన రెండు వాక్యాలు చేర్చారు: అంచనాలో రోడ్డు పునరుద్ధరణ కింద మిగులు ఉంది, అదనంగా చెల్లించాలంటే కొలతలు, ఆర్ అండ్ బీ డిమాండు రెండూ సరిపోలాలి. గుమాస్తా నోటు ఇలా మెట్టు మెట్టుకూ బరువు పెంచుకుంటుంది. ఒక్కొక్కరూ తమకు తెలిసినదే చేరుస్తారు, కిందివాళ్లు రాసినదాన్ని చెరపరు. కొట్టివేత కూడా నోటు పైకి వెళ్లకముందే జరగాలి. సంతకాలు అయ్యాక మార్చాలంటే కింద కొత్త పేరా రాయాలి తప్ప పాతది దిద్దకూడదు. ఈ-ఆఫీసులో ఈ నియమం రంగుల్లోనే కనిపిస్తుంది. పసుపు నోటు ముసాయిదా, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. అది పచ్చ నోటుగా ఖాయమయ్యాక ఎవరూ మార్చలేరు.

ఈఈ గారు నోటు చదివి మొదట పాత జవాబు ముసాయిదా తీసి పక్కన పెట్టారు. తరువాత ఫోను తీసి ఆర్ అండ్ బీ ఈఈ గారితో మాట్లాడారు. నోటు కింద కుడి పక్క రాసింది ఒక్క వాక్యం: 'ఫోనులో మాట్లాడాను. గురువారం జాయింట్ ఇన్‌స్పెక్షన్. 6 (ఆ) వెంటనే.'

జవాబు ఉత్తరంలో ఆరోపణ లేదు, క్షమాపణా లేదు. అనుమతి, జమ వివరాలు, బండ కారణంగా చివరి భాగంలో పైపు దారి మారిన సంగతి, గురువారం ఉదయం 14/600 రాయి దగ్గర కలుద్దామన్న మాట, అంతే.

గురువారం టేపు 200 మీటర్లే చూపించింది. 14/800 తరువాత ఉన్న 60 మీటర్ల గాడిలో పైపు లేదు, కేబుల్ ఉంది. దానికి అనుమతి ఇచ్చిన ఫైలు ఆర్ అండ్ బీ ఆఫీసులోనే, వేరే సీటులో ఉంది. వాళ్ల గుమాస్తా రెండు ఫైళ్లూ కలిపి చూసి ఉండకపోవచ్చు. ఉభయుల సంతకాలతో కొలతల కాగితం తయారైంది, సవరించిన డిమాండు 5,20,000కు వచ్చింది. మొదట అడిగినదానికి 2,60,000 తక్కువ. అందులో 1,80,000 కేబుల్ తవ్వకం వాటా, 80,000 ముందే కట్టిన బెర్మ్ సొమ్ము. జిల్లా పరిషత్ సమావేశంలో ఒక సభ్యుడు ఆ రోడ్డు గురించి అడిగితే ఇద్దరు ఈఈలూ ఒకటే తేదీ చెప్పారు.

నోటు ఎక్కడ చెడుతుంది

ఇలాంటి నోటు చెడిపోయే దారులు ఆఫీసులో పనిచేసినవాళ్లకు పరిచయమే. అభిప్రాయంతో మొదలయ్యే నోటు వాటిలో మొదటిది. 'ఆర్ అండ్ బీ కోరిక అసమంజసం' అని తొలి పేరాలోనే రాస్తే, ఆ తరువాత వచ్చే కాగితాలన్నీ ఆ మాటను నిలబెట్టేవే ఎంచుకోవాల్సి వస్తుంది. 58వ పేజీ పక్కకు పోతుంది. చదివే అధికారికి దీని గుర్తు తేలిగ్గానే దొరుకుతుంది. పేజీ నంబర్లు ఒకే వైపు వాదానికి మాత్రమే ఉంటే అవతలి వైపు కాగితాలు ఎవరూ చూడలేదన్నమాట.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు. వచ్చిన ఉత్తరాన్ని యథాతథంగా మళ్లీ రాసి, చివర 'తగు ఉత్తర్వుల కొరకు సమర్పించడమైనది' అని ముగించే నోటు. తప్పేమీ ఉండదు, ఉపయోగమూ ఉండదు. అధికారి ఏ రెండు మూడు దారుల మధ్య ఎంచుకోవాలో చెప్పనప్పుడు ఆయన 'మాట్లాడండి' అని రాసి వెనక్కి పంపుతారు. ఫైలు తిరుగుతూ ఉంటుంది, వారం గడువు దాటుతుంది, అవతలి శాఖ కలెక్టరుకు రాస్తుంది.

మంచి నోటు కూడా తీర్చలేని తగవులు ఉంటాయి. అటవీ శాఖ, రెవెన్యూ శాఖ ఒకే గుట్టను తమ తమ రికార్డుల్లో తమదిగా చూపిస్తున్నాయనుకోండి. అక్కడ రెండు కాగితాలూ నిఖార్సైనవే కావచ్చు, సర్వే జరిగి, అధికారం ఉన్నవారు తేల్చేదాకా ఏ గుమాస్తా వాక్యమూ దాన్ని తేల్చదు. అక్కడ నోటు చేయగలిగిందల్లా తేడా ఏ సర్వే నంబరులో, ఏ హద్దు దగ్గర ఉందో స్పష్టంగా చెప్పడమే. పై కథలో నోటు పని చేయడానికి కారణం, అక్కడున్నది హక్కుల తగవు కాదు, కొలతల తగవు. ఆ రెండింటినీ వేరుచేసి చూపగలగడమే ఆమె చేసిన అసలు పని.

నిజాన్ని నోటులో పెట్టడానికి భయపడేవాళ్లు గుర్తుంచుకోవలసినది ఇంకొకటి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం వచ్చాక నోట్ ఫైలు ఆఫీసు గోడల మధ్య ఉండిపోయే రహస్యం కాదు. చట్టంలోని మినహాయింపులు వర్తించనంత వరకు పౌరుడు దరఖాస్తు పెట్టుకుని నోట్ల నకళ్లు తీసుకోవచ్చు. ఎం-బుక్ కూడా అంతే. ఈరోజు పేరాలో లేని 200 మీటర్లు రేపు ఎవరి అర్జీతోనో బయటికి వస్తాయి, లేదా ఆడిట్‌లో వస్తాయి. అప్పుడు సంతకం ఉన్న ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవాలి.

మీ వీధి రోడ్డు తవ్వి వదిలేసినప్పుడు, రెండు ఆఫీసులు మిమ్మల్ని అటూ ఇటూ తిప్పుతున్నప్పుడు మీ అర్జీ కూడా ఆ నోటులాగే రాసి చూడండి. ఎవరి మీద కోపం ఉందో తరువాత రాయవచ్చు. ఏ రాయి నుంచి ఏ రాయి దాకా, ఎన్ని మీటర్లు, ఏ తేదీన తవ్వారు, ఇంతకుముందు ఇచ్చిన అర్జీ నంబరు ఏమిటి, ఇప్పుడు ఏం చేయమంటున్నారు, ఇవి ఒక్క పేజీలో పెట్టండి. రెండు ఆఫీసులకూ ఒకే అర్జీ నకలు ఇచ్చి, ఎవరికి ఇచ్చారో రెండింటిలోనూ రాయండి. అక్కడ మీ కాగితం మొదట చేరేది ఇంజనీరు బల్ల మీదికి కాదు, ఒక జూనియర్ అసిస్టెంటు సీటుకు. నోటులో పెట్టుకోవడానికి పనికొచ్చే అంకెలు మీరే అందిస్తే, మీ పని సగం అక్కడే జరుగుతుంది.